ఆక్సిజన్ మిషన్ మీద ఆ చిన్న బంతి ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: మా మామగారికి 71 ఏళ్లు. ఓడల మరమ్మతు దగ్గర వెల్డింగు పని చేసేవారు, బీడీలు కూడా తాగేవారు. సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు అన్నారు. కిందటి నెల ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఐదు లీటర్ల ఆక్సిజన్ మిషన్ కొన్నాం. కాగితం మీద "1 లీటరు, నడిచేటప్పుడు 2, రోజుకి 16 గంటలు, సాచురేషన్ 88–92" అని రాశారు. కానీ వేలికి పెట్టే ఆక్సీమీటరులో 89 కనిపిస్తే మా ఆయన కంగారుపడి నాబ్ తిప్పి నాలుగు పెట్టేస్తారు, 97 వస్తుంది, రాత్రంతా అలాగే ఉంచుతారు. పొద్దున్నే మామగారు తలనొప్పి అంటున్నారు, పగలంతా మగతగా ఉంటున్నారు. దేవుడి గది ఆయన గది పక్కనే, అత్తగారు రెండు పూటలా దీపం పెడతారు. మిషన్‌కి ఉన్న బాటిల్లో క్యాన్ నీళ్లు పోస్తున్నాం, తగ్గితే పైన కలుపుతున్నాం. మేం చేస్తున్న దాంట్లో తప్పేమైనా ఉందా?
– ఒక కోడలు, గాజువాక

సమాధానం: అమ్మా, ముందు ఈ పూట చేయాల్సింది చెబుతాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం.

నాబ్ ఇప్పుడు నాలుగు మీద ఉంటే ఒక్కసారిగా ఒకటికి దించేయకండి. ముక్కు పైపు అయితే అసలే తీయొద్దు. ఎక్కువ ఆక్సిజన్‌కి అలవాటు పడ్డాక ఉన్నట్టుండి ఆపేస్తే సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, మునుపటి కంటే కిందికి పడిపోయే ప్రమాదం ఉంది. మూడుకి తెచ్చి ఓ పది నిమిషాలు ఆగి ఆక్సీమీటరు చూడండి. ఇంకా 92 పైనే ఉంటే రెండుకి తేండి, మళ్లీ పది నిమిషాలు చూసి ఒకటికి తేండి. మధ్యలో ఎక్కడైనా 88కీ 92కీ మధ్యకి వచ్చేస్తే అక్కడే ఆపండి. ఆ వెంటనే ఆ కాగితం రాసిచ్చిన డాక్టరుకి ఫోన్ చేసి, "రాత్రుళ్లు నాలుగు పెట్టాం, పొద్దున తలనొప్పి, పగలు మగత" అని ఈ మూడు మాటలూ చెప్పండి. రేపు చూద్దాం అనుకోకండి, ఈ రోజే చెప్పండి. మణికట్టు దగ్గర ధమనిలోంచి కొంచెం రక్తం తీసి ఒక పరీక్ష చేయిస్తారు. కార్బన్ డయాక్సైడ్ ఎంత పేరుకుందో అందులోనే తెలుస్తుంది. మీ ఇంట్లో ఉన్న ఆక్సీమీటరుకి అది కనబడదు.

ఈలోగా మామగారు లేపినా సరిగ్గా లేవకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా ఇంట్లో కూర్చోకండి. రెండు చేతులూ ముందుకి చాపి, ఎవరినో ఆగమన్నట్టు అరచేతులు పైకెత్తి పట్టుకోమంటే చేతులు రెక్కలు కొట్టినట్టు ఊగినా అంతే. 108కి ఫోన్ చేయండి. వాళ్లు రాగానే డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి "సీఓపీడీ పేషెంటు, సాచురేషన్ 88–92 మధ్య ఉంచమన్నారు" అని చెప్పండి. అంబులెన్సులో తెలియక మాస్కు పెట్టి పది లీటర్లు వదిలితే మీరు ఇంట్లో చేసిన పొరపాటే అక్కడా జరుగుతుంది. ఆ కాగితానికి రెండు జిరాక్సులు తీయించి ఒకటి మిషన్‌కే టేపుతో అంటించండి.

ఇప్పుడు కారణం. మీ ఆయనది ప్రేమే. 97 కనిపిస్తే ఎవరికైనా గుండె నిబ్బరంగా ఉంటుంది. ఊపిరితిత్తుల వార్డులో నర్సుగా పనిచేసి, ఇప్పుడు ఇంట్లో ఆక్సిజన్ వాడుతున్న వాళ్ల దగ్గరికి వెళ్లి చూసి వచ్చే నాకు చాలా ఇళ్లలో ఇదే కనిపిస్తుంది. కొడుకో కూతురో రాత్రి లేచి నాబ్ తిప్పుతారు. కానీ మామగారికి ఆక్సిజన్ మందులాంటిది. బీపీ మాత్రకి మోతాదు ఉన్నట్టే దీనికీ ఉంది.

ఏళ్ల తరబడి పొగతో పాడైన ఊపిరితిత్తుల్లో కొన్ని భాగాలకి గాలి సరిగ్గా అందదు. ఒంటికి ఆ సంగతి తెలుసు కాబట్టి ఆ భాగాలకి వెళ్లే రక్తనాళాలను బిగించి, రక్తాన్ని బాగా పనిచేసే భాగాల వైపు మళ్లిస్తుంది. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర రోడ్డు తవ్వితే పోలీసులు బారికేడ్లు పెట్టి బళ్లను వేరే దారిలో పంపిస్తారు కదా, అలాగన్న మాట. మనం అవసరానికి మించి ఆక్సిజన్ ఇచ్చేసరికి ఆ బారికేడ్లు తీసేసినట్టవుతుంది. పనిచేయని భాగాల్లోకి కూడా రక్తం పోతుంది, అక్కడ గాలి ఆడదు కాబట్టి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోకుండా రక్తంలోనే తిరుగుతుంది. దానికి తోడు ఆక్సిజన్ ఎక్కువైతే రక్తం కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే తీరు మారుతుంది, ఊపిరి కూడా కొంచెం మందగిస్తుంది. రాత్రి నిద్రలో ఊపిరి ఎలాగూ తగ్గుతుంది. అందుకే తెల్లారేసరికి తల పగిలిపోతున్నట్టు ఉంటుంది, పగలు కళ్లు మూతలు పడతాయి. మీరు రాసిన లక్షణాలు రెండూ ఇటే చూపిస్తున్నాయి. నిర్ధారణ మాత్రం రక్త పరీక్షే చేయాలి.

కాబట్టి మామగారికి 89 అంటే తక్కువ కాదు. డాక్టరు కోరుకున్న అంకె అదే. ఆక్సీమీటరు మీద SpO2 అని ఉన్న సాచురేషన్ అంకె ఒకటి, PR అని ఉన్న నాడి అంకె ఒకటి ఉంటాయి. కళ్లజోడు లేకుండా రెండోది చూసి హడలిపోయిన వాళ్లున్నారు. వేలు చల్లగా ఉన్నా, గోరింటాకో గోళ్లరంగో ఉన్నా అంకె తప్పు రావచ్చు. చేతులు రుద్ది వెచ్చబరిచి, వేలు పెట్టాక అంకె నిలకడగా ఆగేదాకా అర నిమిషం పైనే ఓపిక పట్టండి. బాత్రూంకి వెళ్లి వచ్చాక కాసేపు తగ్గి మళ్లీ పుంజుకోవడం కూడా మామూలే. నడిచేటప్పుడు రెండు అని రాసింది అందుకే. వచ్చి కూర్చున్నాక ఒకటికి తిరిగి తెచ్చే పని ఎవరిదో ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. మరిచిపోయేది ఎప్పుడూ అదే.

ఇక బంతి చూడటం. మిషన్ ముందు నిలువుగా ఉన్న గొట్టంలో చిన్న బంతి తేలుతూ ఉంటుంది. పక్కన 1, 2, 3 అని గీతలు ఉంటాయి. ఒకటి పెట్టడమంటే ఆ గీత బంతి నడిమధ్య నుంచి పోవాలి. బంతి పైభాగం గీతకి తగిలితే చాలదు, అడుగు తగిలితే ఎక్కువైనట్టు. మిషన్ నేల మీద ఉంటుంది, మనం నిలబడి పైనుంచి చూస్తాం, అప్పుడు బంతి ఉన్న చోటు కంటే వేరుగా కనిపిస్తుంది. కింద కూర్చుని కళ్లు బంతికి ఎదురుగా పెట్టి చూడండి. నేను వెళ్లిన ఇళ్లలో ఒక చిన్న పని చేయిస్తాను. ఒకటి గీత పక్కన ఎర్ర బొట్టుబిళ్ల, రెండు గీత పక్కన ఆకుపచ్చ బొట్టుబిళ్ల అంటిస్తాం. గీత మీద కాకుండా పక్కన అంటించండి, లేకపోతే గీతే కనబడదు. అర్ధరాత్రి నిద్రకళ్లతో చూసినా ఎర్ర బిళ్ల ఎదురుగా బంతి ఉందో లేదో తెలిసిపోతుంది. మిషన్ ఆన్ చేసిన మొదటి కొన్ని నిమిషాలు ఆక్సిజన్ శాతం ఇంకా పెరుగుతూ ఉంటుంది కాబట్టి, ఆన్ చేసీ చేయగానే చూసిన రీడింగుని పట్టించుకోకండి.

మిషన్ లోపల జరిగేది కూడా ఒక్క మాటలో తెలిస్తే మంచిది. గదిలో గాలిలో ఆక్సిజన్ 21 శాతం, మిగతాది చాలామటుకు నైట్రోజన్. లోపల జియోలైట్ అనే గుళికలు నైట్రోజన్‌ను పట్టుకుంటాయి, మిగిలిన 90 శాతం పైబడిన ఆక్సిజన్ పైపులోకి వస్తుంది. అంటే మిషన్‌కి ఊపిరాడాలి. గోడకి ఆనించి, కర్టెన్ వెనక దాచి పెట్టకుండా ఓ అడుగు దూరంగా ఉంచండి. గాలి పీల్చుకునే వైపు ఉన్న స్పాంజి ఫిల్టరును వారానికోసారి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. మన ఊళ్లో గాలికి తేమ ఎక్కువ, తడి ఫిల్టరు ఓ పట్టాన ఆరదు. రెండోది కొని పెట్టుకుంటే మార్చి మార్చి వాడుకోవచ్చు. శాతం తగ్గితే చాలా మిషన్లలో పసుపు లైటో ఎర్ర లైటో వెలుగుతుంది. అది వెలిగినప్పుడు నాబ్ పెంచడం వల్ల ప్రయోజనం లేదు, మిషన్ ఇచ్చిన వాళ్లని పిలవాలి.

నిజంగానే 88 కంటే కిందికి పడిపోతే? అప్పుడు కూడా చేయి నాబ్ మీదికి పోకముందు కళ్లు పైపు మీదికి పోవాలి. మర్రిపాలెంలో ఒక పెద్దాయన సంగతి చెబుతాను. ఆయనకీ డాక్టరు రాసింది ఒకటే లీటరు. ఒకరోజు పొద్దున్న ఆయన కూతురు ఫోన్ చేసి, "రీడింగ్ 83 దాటట్లేదు, ఐదు పెట్టినా అంతే ఉంది" అంది. నేను వెళ్లేసరికి బంతి ఐదు మీద నిశ్చలంగా ఉంది, బాటిల్లో బుడగలు గలగలమంటున్నాయి, చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంది. ముక్కులోంచి పైపు తీసి గ్లాసుడు నీళ్లలో ముంచాను. ఒక్క బుడగ రాలేదు. అంత ఆక్సిజనూ ఎక్కడికి పోతోంది? బాటిల్ మూత చుట్టూ తడి వేలు తిప్పితే ఒక చోట చల్లటి గాలి తగిలింది. ముందు రాత్రి బాటిల్ కడిగి మూత వంకరగా బిగించారు. మరలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, బిగిసినట్టే ఉంది గానీ సందు మిగిలిపోయింది. మూత విప్పి, ముందు ఎడమకి అర చుట్టు తిప్పి మరలు సరిగ్గా కూర్చున్నాయని వేలికి తెలిశాక కుడికి బిగించాను. గ్లాసులో బుడగలు ఎగిశాయి. అప్పుడు బంతిని ఒకటికి దించి పైపు పెట్టాం. కాసేపటికి రీడింగ్ 90కి వచ్చింది.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన కిటుకు ఒకటుంది. బంతి ఉన్నది బాటిల్‌కి ముందు. బాటిల్ మూత దగ్గరో ఆ తర్వాత పైపులోనో గాలి కారిపోతుంటే బంతికి తెలియదు, అది ఐదు చూపిస్తూనే ఉంటుంది. బాటిల్లో బుడగలూ వస్తూనే ఉంటాయి. అదే పైపు మడత పడితేనో, మంచం కాలి కింద నలిగితేనో దారి మూసుకుపోయి బంతి కిందికి జారుతుంది. కొన్ని బాటిళ్లకి ఉన్న చిన్న వాల్వు ఈల వేస్తుంది. బంతి జారితే మడత వెతకండి. బంతి నిలబడే ఉండి సాచురేషన్ పడిపోతే కారడం వెతకండి. బాటిల్ నుంచి బయటికి వెళ్లే పైపుని రెండు వేళ్లతో మడిచి పట్టుకుంటే కూడా తెలుస్తుంది. మూత బాగుంటే బుడగలు ఆగి ఈల వినిపిస్తుంది. ఆగకుండా బుడగలు వస్తూనే ఉంటే మూత కారుతున్నట్టే. గ్లాసు పరీక్ష చేశాక పైపు కొసల్లో నీళ్లు విదిలించి తుడిచి పెట్టండి. ఇవన్నీ చూసినా 88కి రాకపోతే, లేదా ఆయాసం పెరిగినా పెదాలు నీలంగా మారినా, డాక్టరుకి ఫోన్ చేయండి, అందకపోతే 108కి చేయండి.

బాటిల్ మాట వచ్చింది కాబట్టి నీళ్ల సంగతి. డాక్టరుని ఒక ప్రశ్న అడగండి: "ఒకటి రెండు లీటర్లకి ఈ బాటిల్ అవసరమా?" ముక్కు పైపుతో నాలుగు లీటర్ల లోపు ఇచ్చేటప్పుడు మామూలుగా తేమ బాటిల్ లేకపోయినా ఇబ్బంది ఉండదు. ముక్కే ఆ గాలిని తడి చేసుకుంటుంది, సముద్రం పక్కన ఉన్న ఊరు కాబట్టి గాలిలో తేమకి లోటు లేదు. రాత్రంతా ఏసీ వేస్తేనో, ముక్కు ఎండి రక్తం చారలు కనిపిస్తేనో అప్పుడు బాటిల్‌కి పని ఉంటుంది. డాక్టరు సరేనంటే బాటిల్ తీసేసి, మిషన్‌తో వచ్చిన చిన్న కొళాయి లాంటి ముక్కకి పైపు నేరుగా తగిలించొచ్చు. బాటిల్ పోతే కారే మూతా ఉండదు, నీళ్లలో పెరిగే క్రిములూ ఉండవు. నా అభిప్రాయం అడిగితే, మీ మామగారి విషయంలో నేను అటే మొగ్గుతాను.

ఉంచమంటే మాత్రం క్యాన్ నీళ్లు మానేయండి. క్యాన్ ఒకసారి తెరిచాక రోజుల తరబడి అలాగే ఉంటుంది, అందులో లవణాలూ ఉంటాయి. ఆ లవణాలే బాటిల్ లోపలి గొట్టం కొసన తెల్లటి పెచ్చు కట్టి బుడగలకి అడ్డం పడతాయి. బోరు నీళ్లకైతే ఇంకా త్వరగా పడుతుంది. మెడికల్ షాపులో డిస్టిల్డ్ వాటర్ అడిగి తీసుకోండి. దొరకని రోజున బాగా మరగకాచి, మూత పెట్టి చల్లార్చిన నీళ్లు వాడొచ్చు. క్రిములు చస్తాయి, లవణాలు మాత్రం ఉంటాయి, అందుకని అది అవసరానికి మాత్రమే. ఇన్వర్టరు బ్యాటరీకి పోసే నీళ్లు ఇంట్లో ఉన్నాయి కదా అని పోయకండి. అవి పీల్చుకోవడానికి తయారుచేసినవి కావు.

పైన కలపడం ఇంతకంటే ముఖ్యమైన పొరపాటు. నిన్నటి నీళ్లలో క్రిములు ఉంటే కొత్త నీళ్లు కలిపి వాటికి చోటు పెంచినట్టవుతుంది. బుడగల మీదుగా వచ్చే తేమ నేరుగా మామగారి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. రోజూ ఒక వేళ పెట్టుకోండి, పొద్దున కాఫీ అయ్యాక అనుకుందాం. మిషన్ ఆపి, మిగిలిన నీళ్లు మొత్తం పారబోసి, గిన్నెల సబ్బుతో బాటిల్, మూత, లోపలి గొట్టం కడిగి, సబ్బు వాసన పోయేదాకా తొలవండి. తర్వాత బాటిల్ మీద ఉన్న రెండు గీతల మధ్యకి నీళ్లు పోయండి. పై గీత దాటితే నీళ్లు పైపులోకి ఎగదన్ని ముక్కులో చుక్కలు పడతాయి, కింది గీతకి తగ్గితే తేమ రాదు. వారానికోసారి, మిషన్ పుస్తకంలో వేరేలా రాయకపోతే, ఒక వంతు తెల్ల వెనిగర్‌కి మూడు వంతులు నీళ్లు కలిపి అరగంట నానబెట్టి బాగా కడగండి. జలుబు చేసింది కదా అని ఆ నీళ్లలో నీలగిరి తైలం చుక్కలూ, జండూ లాంటి బామూ కలిపే వాళ్లున్నారు. అది చేయకండి. బాటిల్ పెట్టాక మూత మరలు చెప్పినట్టు చూసి, గ్లాసు పరీక్ష ఒకటి చేసి అప్పుడు ముక్కుకి పెట్టండి. మొత్తం కలిపి పది నిమిషాల పని.

దీపం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆక్సిజన్ తనంతట తాను మండదు, పేలదు. అందుకే చాలామంది భయం లేదనుకుంటారు. కానీ అంటుకున్న దాన్ని అది ఎంత వేగంగా మండిస్తుందో చూసిన వాళ్లకే తెలుస్తుంది. రోజుకి 16 గంటలు ముక్కు పైపు ఉన్న మనిషి లుంగీ, బనీను, మీసం, తలగడ గుడ్డ, దుప్పటి అన్నిట్లోనూ ఆక్సిజన్ చేరి ఉంటుంది. మామూలప్పుడు గుడ్డ మీద పడి ఆరిపోయే నిప్పురవ్వ అప్పుడు భగ్గుమంటుంది. మంట పైపు వెంబడి ముఖం దాకా పాకుతుంది. అందుకని పైపు తీసి మంచం మీద పడేసి మిషన్ ఆన్‌లోనే ఉంచడం కూడా ప్రమాదమే. పరుపు ఆక్సిజన్‌తో నిండుతుంది. పైపు తీస్తే మిషన్ ఆపాలి.

మామగారు గానీ, మిషన్ గానీ, పైపు గానీ ఉన్న చోటు నుంచి ఏ మంటకైనా కనీసం పది అడుగుల దూరం ఉండాలి. మీ అత్తగారి దీపం పక్క గదిలో, తలుపు వేసి, అంత దూరంలో ఉంటే సమస్య లేదు. టేపు తీసుకుని కొలవండి, కంటి అంచనా మీద వదిలేయకండి. పైపు దేవుడి గది ముందు నుంచి బాత్రూంకి పోతుంటే ఆ దారి మార్చండి. అంత దూరం దొరకకపోతే ఆ గదిలో బ్యాటరీతో వెలిగే దీపం పెట్టుకోమని అత్తగారిని అడగండి. మట్టి ప్రమిదలో నూనె దీపం తులసి కోట దగ్గర, బయట పెట్టుకోవచ్చు. ఎన్నో ఏళ్ల అలవాటు మార్చమంటే ఆవిడకి బాధగానే ఉంటుంది. కానీ హారతి పళ్లెం ఆయన మంచం దగ్గరికి తెచ్చి కళ్లకి అద్దుకోమనడం మాత్రం ఒక్కసారి కూడా జరగకూడదు. కర్పూరం మంట ముఖానికి జానెడు దూరంలోకి వస్తుంది. ముక్కు పైపు ఉన్నదీ అక్కడే. పువ్వో అక్షింతలో తెచ్చి ఇవ్వమనండి. కార్తీక మాసంలో ఆయనే స్వయంగా దీపం పెట్టాలని పట్టుబడితే, ఆక్సిజన్ లేకుండా ఆ కాసేపు ఉండొచ్చని డాక్టరు చెప్పాక, మిషన్ ఆపి, పైపు తీసి, చొక్కా మార్చుకుని అరగంట గాలి ఆడే చోట కూర్చున్నాకే వెళ్లాలి. అరగంట ఎందుకంటే బట్టల్లో చేరిన ఆక్సిజన్ పోవడానికి అంత పడుతుంది.

సామ్రాణి ధూపం, అగరొత్తులు, దోమల కాయిల్ ఆ ఇంట్లో వద్దు. నిప్పు ఒక కారణం, వాటి పొగ ఆయన ఊపిరితిత్తులకి పడకపోవడం ఇంకో కారణం. పైపు పొడవుగా ఉంది కదా అని వంటింట్లోకి వచ్చి గ్యాస్ పొయ్యి పక్కన కూర్చుని టీ తాగే మామగార్లు ఉన్నారు, టీ ఆయన దగ్గరికే వెళ్లాలి. పైపు పొడవు కూడా మామూలుగా 15 మీటర్లు దాటకూడదు. మీ మిషన్ పుస్తకంలో ఎంత రాసుంటే అంతే.

ఇంకో మాట, మన ప్రాంతం వాళ్లకి చెప్పాల్సినది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి పరామర్శకి వచ్చే పెద్దవాళ్లలో చుట్ట కాల్చే వాళ్లుంటారు. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అత్తయ్యలూ పిన్నమ్మలూ ఉంటారు. బయటికి నిప్పు కనబడదు, మాట్లాడుతూనే మంచం అంచున కూర్చుంటారు. గడప దగ్గరే మర్యాదగా చెప్పండి, "పిన్నీ, లోపల ఆక్సిజన్ నడుస్తోంది, చుట్ట ఆర్పేసి రండి" అని. మొహమాటపడితే ఆ ప్రమాదం మీ మామగారి ముఖం మీదికే వస్తుంది. ఆయన బీడీ మానేశారని రాశారు, ఒక్కటే అని మళ్లీ అడిగినా ఇవ్వకండి.

ముక్కు దగ్గర ఒరిసి పుండు పడుతోందని పెట్రోలియం జెల్లీయో కొబ్బరినూనెయో రాస్తారు. ఆక్సిజన్ పక్కన నూనె, గ్రీజు, బామ్ ఉండకూడదు, చెప్పిన కారణమే. మెడికల్ షాపులో నీటితో చేసిన జెల్ అడగండి, లేదా ఉప్పునీటి ముక్కు చుక్కలు వాడండి. చేతులకి శానిటైజరు రాసుకుంటే పూర్తిగా ఆరాక పైపు పట్టుకోండి.

మీరు కరెంటు గురించి అడగలేదు గానీ, విశాఖలో ఉంటూ దాన్ని వదిలేయలేను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నప్పుడు మిషన్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఐదు లీటర్ల మిషన్ మామూలుగా 300 నుంచి 400 వాట్లు తీసుకుంటుంది. ఇన్వర్టరు ఎన్ని గంటలు లాగుతుందో ఎలక్ట్రీషియన్‌తో లెక్క కట్టించండి, దానికి తోడు ఒక సిలిండరు అద్దెకి తెచ్చి పెట్టుకోండి. మన దగ్గర బి టైపు అనే సిలిండరు నిండా ఉంటే సుమారు 1500 లీటర్లు ఉంటుంది. ఒకటి మీద, అంటే నిమిషానికి ఒక లీటరు చొప్పున పెడితే దాదాపు 25 గంటలు వస్తుంది. రెండు మీద పన్నెండున్నర గంటలు. మీ ఆయన తిప్పినట్టు నాలుగు మీద పెడితే ఆరు గంటల పైచిలుకే. సిలిండరుకి కూడా డాక్టరు చెప్పిన అంకెలే వర్తిస్తాయి, మారింది యంత్రం మాత్రమే. దాని మీటరులోనూ బంతి నడిమధ్యే చూడాలి. నిలువుగా, పడిపోకుండా గొలుసుతో గోడకి కట్టి ఉంచండి. కరెంటు పోగానే హడావుడిలో వంటింట్లోంచి నూనె చేతులతో పరుగెత్తుకొచ్చి వాల్వు తిప్పుతారు ఎవరో ఒకరు. ఎక్కువ ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేకుండానే అంటుకోవచ్చు. ఆ చేతులు సబ్బుతో కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకున్నాకే వాల్వు ముట్టుకోమనండి.